టిక్కు పెట్టిన మాటలు

నా భార్య పోయాక చర్చిలో ఆదరణ కూడిక జరిగిన మూడో వారంలో ఇద్దరు మా గేటు బయట నిలబడి, లోపలికి రావడమా మానడమా అని మాట్లాడుకుంటూ కనిపించారు. వాళ్లెవరో నాకు తెలుసు. ఆమె చివరగా పాఠం చెప్పింది వాళ్లకే.

నా భార్య చోడవరంలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లిషు చెప్పి రిటైరయింది. ఆ తర్వాత సాయంత్రాలు మా ముందుగదిలో, ఇంగ్లిషు మాట్లాడటం నిజంగా అవసరమైనవాళ్లకి మాత్రమే చెప్పేది. ఇద్దరు, ముగ్గురు, ఎప్పుడైనా నలుగురు. అంతకంటే ఎక్కువమంది వస్తే ఎవరూ నోరు విప్పరని ఆమె అభిప్రాయం. ఆ చివరి జట్టులో ఉన్నది ఇద్దరు. ఒకామె చీడికాడ దగ్గరి పల్లెనుంచి వచ్చిన నర్సు, ఇరవయ్యారేళ్లుంటాయి, అనకాపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. రెండో అతను గోవాడ చక్కెర మిల్లులో చెరకు తూచే కాటా దగ్గర సీజను పని చేసేవాడు. విశాఖపట్నంలో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నాడు. అమెరికాలో బట్టలమ్మే ఒక కంపెనీకి అక్కడి కొనుగోలుదారులు చేసే ఫోన్లు ఇక్కడికి వస్తాయట.

నేను తలుపు తీశాను. నర్సు ముందుగా అంది.

"అంకుల్, మేం పాఠానికి రాలేదు. పుస్తకాలు తిరిగిద్దామని వచ్చేం."

ఆమె చేతిలో మా ఇంటి పుస్తకాలు రెండున్నాయి. అతని చేతిలో ఏమీ లేదు.

"నాను తోడొచ్చేనండి" అన్నాడు.

కూర్చోమన్నాను. టీ పెట్టాను. మాటల్లో తెలిసిందేమిటంటే, నర్సుకి ఇంగ్లండులో ఉత్తరాన ఒక ఊరి ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూ ఖాయమయింది. వీడియోలో చేస్తారు. ఆరు వారాల గడువుంది. భాషా పరీక్ష ఆమె అంతకుముందే పాసయింది. కానీ ఆ ఫలితం రెండేళ్లకి మించి చెల్లదు. అందులో ఎక్కువ కాలం ఇదివరకే గడిచిపోయింది. మొదటిసారి వేరే ఆసుపత్రివాళ్లు చేసిన ఇంటర్వ్యూలో ఆమె ఎంపిక కాలేదు. ఈసారీ కాకపోతే మళ్లీ పరీక్ష దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అందుకు ఇంట్లో ఒప్పుకోరని ఆమె అనలేదు, అతను అన్నాడు.

"రాయడం సదవడం కాదంకుల్ నా బాధ" అంది ఆమె. "వాళ్లడిగింది ఒకటి, నాకు అర్థమయ్యింది ఒకటి అయిపోతంది. పోయినసారి అలగే అయ్యింది. మేడం దగ్గర రెండర్థాల మాటల నోటుబుక్కు మొదలెట్టేం. సగంలో ఉన్నాం."



నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంగ్లిషు చదువుతాను, మాట్లాడటం తక్కువ. తెలుగులో కూడా అంతే. అయినా మిగతా సగం నేను చెప్తానన్నాను. ఎందుకన్నానో తర్వాత ఆలోచించాను. సాయంత్రం ఆరునుంచి ఏడున్నర దాకా ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. కారణం అంతకంటే పెద్దదేమీ కాదు.

నోటుబుక్కు నా భార్య బల్ల సొరుగులో దొరికింది. పొడుగాటి లెక్కల పుస్తకం. ప్రతి పేజీనీ గీతలు గీసి విభజించింది. ఎడమ పక్కన ఒక ఇంగ్లిషు మాట, దాని పక్కన ఇంగ్లండులో దానికి అర్థం, ఆ పక్కన అమెరికాలో అర్థం. మాట ఒకటే, అర్థాలు రెండు. బిస్కెట్ అంటే ఇంగ్లండులో మనం టీలో ముంచుకుని తినేదే, అమెరికాలో మెత్తటి ఉప్పటి రొట్టె, వేడివేడిగా వెన్నతోనో పులుసులాంటి దానితోనో తింటారు. ఫుట్‌బాల్ అంటే ఇంగ్లండులో కాలితో తన్నే బంతాట, అమెరికాలో కోడిగుడ్డులా కోలగా ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే వేరే ఆట. ప్యాంట్స్ అంటే ఇంగ్లండులో లోపల తొడుక్కునేది, అమెరికాలో పైన తొడుక్కునేది. చిప్స్ అంటే ఇంగ్లండులో లావుగా తరిగి వేయించి వేడిగా తినే బంగాళాదుంప ముక్కలు, అమెరికాలో ప్యాకెట్లో వచ్చే పలచటి కరకరలాడేవి. ఇలా పదకొండు పేజీలు.

కొన్నిచోట్ల ఇంగ్లండు అర్థం మీద పెన్సిలుతో టిక్కు ఉంది. కొన్నిచోట్ల అమెరికా అర్థం మీద ఉంది. కొన్నిటికి టిక్కే లేదు. టిక్కులు దేనికో ఎక్కడా రాయలేదు. టీచర్లు తమ కోసం తాము రాసుకున్న దానికి వివరణ రాసుకోరు.

నేను చేసిన పొరపాటు అక్కడ మొదలైంది. స్కూలు టీచరు పెట్టిన టిక్కుకి ఒకటే అర్థం ఉంటుందనుకున్నాను: ఒప్పు అని. ముప్పయ్యేళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి. మా భోజనాల బల్ల మీద ఆ టిక్కులు కొన్ని వేలు చూసి ఉంటాను. రెండు అర్థాల్లో నేర్చుకోవలసినదేదో ఆమె తేల్చి టిక్కు పెట్టిందని, టిక్కు లేనివి అంత అవసరం లేనివని అనుకున్నాను.

నేను పాఠం చెప్పే పద్ధతి సులువు. ఒక మాట చదువుతాను, టిక్కు ఉన్న అర్థం చెప్తాను, దానితో వాళ్లిద్దరూ ఒక్కో వాక్యం చెప్తారు. టిక్కు లేనిదాన్ని దాటేస్తాను. నర్సు అన్నీ రాసుకునేది. కాటా అతను రాసుకునేవాడు కాదు, గుర్తుంటుందనేవాడు.

ప్యాంట్స్ దగ్గరికి వచ్చినప్పుడు నేను ఆగాను. టిక్కు అమెరికా అర్థం మీద ఉంది. నేను చదివిన పాత ఇంగ్లిషు నవలల్లో పైన తొడుక్కునేదాన్ని అలా అనరు. నర్సు వెళ్లవలసింది ఇంగ్లండుకి. ఇది సరైనదేనా అని అనుమానం వచ్చింది. కానీ నవలలు పాతవి, భాష మారుతుంది, నా భార్య తెలియకుండా టిక్కు పెట్టి ఉండదు అనుకున్నాను. "పైన తొడుక్కునే ప్యాంటు" అని చెప్పి కింది మాటకి వెళ్లాను.

ఆమె బతికుండగా నేను ఇలాంటి విషయాల్లో ఆమెతో వాదించేవాణ్ణి. ఒక మాట మీద అన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్న రోజులున్నాయి. సగంసార్లు నేనే ఓడిపోయేవాణ్ణి, సగంసార్లు ఆమె. పోయాక వాదించడం మానేశాను. ఆమె రాసిందంతా సరైనదే అయి ఉండాలని నాకు నేనే నిర్ణయించుకున్నాను. దాన్ని గౌరవం అనుకున్నాను.

అలా నాలుగు వారాలు గడిచాయి. వాళ్లిద్దరూ మొదట్లో నా ముందు నవ్వడానికి కూడా మొహమాటపడేవాళ్లు, తర్వాత అలవాటుపడ్డారు. కాటా అతనికి నర్సుని ఆటపట్టించడం ఒక పని.

"సిస్టరూ, నువ్వు ఇంగ్లండెళ్లి ఫస్ట్ ఫ్లోర్‌కి రమ్మంటే మెట్లెక్కాల. నానైతే ఎక్కక్కర్లేదు. అమెరికావోడికి నేల మీదదే ఫస్ట్ ఫ్లోరు."

"నువ్వు వైజాగులో కూర్చుని ఫోనెత్తుతావు. నీకు ఏ మెట్లు?"

"మా ఆఫీసు ఐదో అంతస్తు. లిఫ్టు పనిసెయ్యదట."

ఇంటర్వ్యూకి తొమ్మిది రోజులుందనగా ఒక సాయంత్రం ఆమె వచ్చి కుర్చీలో కూర్చోలేదు. బ్యాగు భుజానికే ఉంది. కాటా అతను అప్పటికే వచ్చి కూర్చున్నాడు.

"అంకుల్, ప్యాంట్స్ అంటే మీరు నాకు ఏటని సెప్పేరు?"

"పైన తొడుక్కునేది."

"అక్కడ లోపల తొడుక్కునేదంట. సర్జరీ అంటే?"

"ఆపరేషను."

"ఆపరేషన్ని కూడా అంటారట. కానీ ఎక్కువగా డాక్టరుగారి క్లినిక్కుని అంటారంట. జంపర్ అంటే అసలు సెప్పనే లేదు మీరు."

జంపర్‌కి టిక్కు లేదు. నేను దాటేసిన వాటిలో అది ఒకటి.

ఏం జరిగిందో తర్వాత చెప్పింది. ఆమెకి నర్సింగు కాలేజీలో సీనియరు ఒకామె ఇంగ్లండులో వార్డులో పనిచేస్తోంది. ముందురోజు ఆమె ఫోన్లో ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసింది. ఒక ముసలాయన పొద్దున్న సర్జరీకి వెళ్లొచ్చాడు, ఇప్పుడు ఆయన ప్యాంట్స్ తడిసిపోయాయి, చలిగా ఉంది జంపర్ ఇమ్మంటున్నాడు, ఏం చేస్తావు, అని అడిగింది. మా నర్సు తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆపరేషనయి వచ్చిన మనిషి కాబట్టి ముందు బీపీ, నాడి చూస్తాను, కుట్లు వేసినచోట తడి ఉందేమో చూస్తాను, పైన ప్యాంటు మారుస్తాను, ఆ జంపరేంటో వార్డు సిస్టరుగారిని అడుగుతాను.

"అక్క ఫోన్లో ఒకటే నవ్వు" అంది. "ఒసే, ఆయన క్లినిక్కుకెళ్లి మాత్రలు రాయించుకొచ్చేడే, నువ్వు ఆయన పొట్ట కోసేసేవు, అంది. తడిసిన లోపలి బట్ట అలగే ఉంచి పైది మార్చేవు, ఆ ముసలోడికి ఒళ్లు పుండైపోద్ది, అంది. జంపరంటే స్వెట్టరే, అదీ ఇవ్వలేదు, సలికి వణుకుతన్నాడు, అంది."

కాటా అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"తొమ్మిది రోజులుంది. ఏ మాట నమ్మాలో నాకు తెలీడం లేదంకుల్. ఇప్పుడు బిస్కెట్టు మీద కూడా అనుమానంగా ఉంది."

"బిస్కెట్టునేటి సేసింది నిన్ను" అన్నాడతను.

"నువ్వూరుకో. నీకేటి, కాటా ఉంది. నాకేటుంది?"

నేను నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇందులో ఉన్నట్టే చెప్పానని అన్నాను. అలా అన్నందుకు వెంటనే సిగ్గుపడ్డాను. తప్పుని చనిపోయిన మనిషి మీదికి తోసినట్టయింది.

కాటా అతను నోటుబుక్కుని తనవైపు తిప్పుకున్నాడు. అప్పటిదాకా అతను దాన్ని చూడలేదు, నేను చదివితే వినేవాడు. వేలుతో ఒక్కో వరస కిందికి వెళ్తూ పెదాలు కదుపుతూ చదివాడు. రెండు పేజీలయ్యాక తలెత్తాడు.

"సార్, ఈ టిక్కులున్నయ్యన్నీ మనం అనీవే."

"ఏమిటి?"

"సూడండి. బిస్కెట్టు మనం అనీది ఇంగ్లండు బిస్కెట్టే, అక్కడ టిక్కుంది. ఫుట్‌బాలు, అదీ ఇంగ్లండోడిదే. ప్యాంటు మనం పైదాన్నే అంటాం, టిక్కు అమెరికా పక్కనుంది. చిప్స్ అంటే మనకి ప్యాకెట్టు, అదీ అమెరికాదే. వెస్ట్ అంటే మనకి బనీను, ఇంగ్లండు. సర్జరీ అంటే ఆపరేషనే. జంపరు మనం అననే అనం. టిక్కేదీ? లేదు. మేడం గారు సోడవరం మాటకి పెట్టేరు సార్ టిక్కు. ఒప్పుకి కాదు."

నేను నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి చూశాను. అతను చెప్పింది నిజం. పదకొండు పేజీల్లో ఒక్కచోట కూడా తప్పలేదు.

ఆమె చేసిన పని అప్పుడు నాకు అర్థమయింది. చెప్పాలంటే చాలా మామూలు పని. మనం మాట్లాడే ఇంగ్లిషు ఇంగ్లండుదని అందరూ అంటారు. ఎక్కువభాగం నిజమే. కానీ అన్ని మాటలూ అలా కావు. కొన్ని అమెరికా అర్థంతో వచ్చి కూర్చున్నాయి, కొన్ని ఎటూ కాకుండా మనకే ప్రత్యేకమయ్యాయి. అది ఒక పద్ధతి ప్రకారం జరిగింది కాదు కాబట్టి పద్ధతి చెప్పి నేర్పడం కుదరదు. మాటమాటకీ చూసుకోవాలి. నేర్చుకునేవాడు తనకి ముందే తెలిసిన అర్థం ఏ పక్కన ఉందో చూసుకుంటే, మిగతా పక్కన తాను ఎక్కడ పొరబడతాడో తెలుస్తుంది. ఇంగ్లండు వెళ్లేవాళ్లకి అమెరికా పక్కన టిక్కు ఉన్న మాటలు జాగ్రత్తగా చెప్పాలి. అమెరికావాళ్లతో మాట్లాడేవాళ్లకి ఇంగ్లండు పక్కన ఉన్నవి. టిక్కు లేనివి ఇద్దరికీ కొత్తగా నేర్పాలి. టిక్కు ఉన్నచోట ఆమె చెప్పవలసింది తక్కువ. నేను సరిగ్గా తలకిందులు చేశాను. చెప్పక్కర్లేనివి నాలుగు వారాలు చెప్పాను.

"అంటే నాకూ తప్పే సెప్పేరా?" అన్నాడు కాటా అతను.

"సగం. నీకు ప్యాంట్స్ సరిగ్గానే వచ్చింది. వెస్ట్ తప్పు. అమెరికాలో అది కోటు లోపల చొక్కా మీద వేసుకునే చేతుల్లేని జాకెట్టు."

"ఓరి నాయనో. ఆడు పెళ్లికి వెస్టు కావాలంటే నాను బనీను పంపుదును."

ఈసారి ఆమె కూడా నవ్వింది, కొంచెం. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

నేను ఆమెతో తప్పు నాదేనని చెప్పాను. అనుమానం వచ్చిందనీ, వచ్చినా చూడలేదనీ చెప్పాను. ఎందుకు చూడలేదో చెప్పలేదు. ఆమె బ్యాగులోంచి పుస్తకం తీసి, నాలుగు వారాల పేజీల మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. నర్సులు కేసుషీటులో తప్పు రాస్తే దాన్ని చెరిపెయ్యరట, గీత కొట్టి పక్కన సరైనది రాస్తారట. తప్పు కూడా కనబడుతూ ఉండాలట. అది చెప్పి కొత్త పేజీ తిప్పింది.

మిగిలిన తొమ్మిది రోజులు ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఆమెకి ఒక గంట, ఇంగ్లండు అర్థాలే. మనకీ వాళ్లకీ తేడా ఉన్నవి ముందు, రోగి పక్కన వినబడేవి ఇంకా ముందు. అతనికి అరగంట, అమెరికా అర్థాలే, అందులోనూ బట్టలవి ముందు. ఇద్దరికీ కలిపి చెబితే రెండూ కలగాపులగమయ్యేవి. ఏది ఒప్పు అని అడగడం మానిపించాను. మాట్లాడుతున్నది ఎవరు, ఎక్కడివాడు అని అడగమన్నాను. రాతపరీక్షలో రెండిట్లో ఏది వాడినా ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడితే చాలు. వినేటప్పుడు ఎన్నుకునే వీలుండదు, ఎదుటిమనిషి ఇచ్చిందే తీసుకోవాలి.

అయినా ఒక చిక్కు మిగిలింది. దాన్ని బయటపెట్టింది ఆమే.

"నోటుబుక్కులో ఉన్నవి నేర్చుకుంటాను. లేనివి వస్తే?"

పదకొండు పేజీలు కాదు, వంద పేజీలు రాసినా బయట మాటలుంటాయి.

"మీ వార్డులో డాక్టరుగారు ఫోన్లో మందు చెబితే ఏం చేస్తారు?" అని అడిగాను. ఏదో తడుతుందేమోనని అడిగానంతే.

"రాసుకుని తిరిగి సదివి వినిపిస్తాం. మందు పేరు, ఎంత, ఎన్నిసార్లు. ఆయన అవునంటేనే ఇస్తాం."

"విసుక్కోరా?"

"విసుక్కుంటారు. అయినా సదువుతాం." నోటుబుక్కు వైపు చూసి, "మాటకీ అలగే సెయ్యొచ్చు కదంకుల్" అంది.

"పెతీ మాటకీ అడిగితే మా కస్టమరు ఫోను పెట్టెస్తాడు" అన్నాడు గుమ్మం దగ్గర తన వంతు కోసం కూర్చున్న కాటా అతను.

"పెతీ మాటకీ ఎవలడగమన్నారు? రెండర్థాలకీ నాను సేసే పని ఒకటే అయితే ఎందుకడగడం? పని మారిపోతాదంటేనే అడగాలి."

నేను ఇంతకంటే బాగా చెప్పలేను. ఆ తర్వాతి రోజుల్లో మేము సాధన చేసింది అదే. నేను ఒక వాక్యం చదివేవాణ్ణి. పని మారుతుందా లేదా అని ఆమె తేల్చుకునేది. మారుతుందనుకుంటే అదే మాటని ఇంకో మాటతో తిరిగి అడిగేది. పైన తొడుక్కునేదా, లోపలిదా అన్నట్టు. అడిగేటప్పుడు గొంతు తగ్గిపోయేది, తప్పు చేసినట్టు. అది పోవడానికి మూడు రోజులు పట్టింది.

ఇంటర్వ్యూ మా ముందుగదిలోనే జరిగింది. వాళ్ల పల్లెలో సిగ్నలు నిలవదు, ఆసుపత్రి హాస్టల్లో గదికి నలుగురు. అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర, మనకి మధ్యాహ్నం మూడు. క్రషింగు సీజను కావడంతో చెరకు ట్రాక్టర్లు పాటలు పెట్టుకుని మా వీధి చివర్నుంచి వెళ్తున్నాయి. కిటికీలన్నీ మూశాను. ఫ్యాను చప్పుడు ఫోనులో వినబడుతుందని అదీ ఆపింది. కాటా అతనికి ఆరోజు డ్యూటీ ఉంది. "అడిగెయ్, భయపడకు" అని మెసేజి పెట్టాడని చూపించింది.

నేను వంటింట్లో కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది, మూయలేదు. అడుగుతున్నవాళ్లు ఇద్దరు, ఒక మగగొంతు, ఒక ఆడగొంతు. మగగొంతు యాస నాకు మూడో వంతు అర్థం కాలేదు. ఆమె తన చదువు, పని గురించి బాగానే చెప్పింది. ఒకచోట జంపర్ అన్న మాట వచ్చింది, ఇబ్బంది లేకుండా దాటింది.

తర్వాత ఆడగొంతు ఒక ప్రశ్న అడిగింది. షుగరు రోగి. ఇన్సులిన్ ఇచ్చారు. గంట తర్వాత మీరు వెళ్లి చూస్తే ఆయన టీ ముట్టుకోలేదు, ఎలా ఉందో అలా ఉంది. ఏం చేస్తారు?

నేను వంటింట్లో కూర్చుని, ఇది తేలిక ప్రశ్న అనుకున్నాను. టీ చల్లారితే ఇంకోటి ఇస్తారు. షుగరు రోగి టీ తాగకపోతే ఒకందుకు మంచిదే.

గదిలోంచి చప్పుడు లేదు. రెండు మూడు క్షణాలే అయుంటాయి. తర్వాత ఆమె గొంతు వినబడింది, తగ్గించకుండా, వార్డులో ఫోను దగ్గర మాట్లాడే గొంతు.

"క్షమించాలి. మీరు టీ అన్నది తాగే టీయా, భోజనమా?"

అవతల ఆడగొంతు వెంటనే చెప్పింది. సాయంత్రం భోజనం. మా వైపు దాన్ని టీ అంటారు. అడిగి మంచి పని చేశారు.

నాకు ఆ అర్థం తెలియదు. నోటుబుక్కులో లేదు. ఇంగ్లండు, అమెరికా అని రెండు గడులు గీసుకున్నాం కానీ, ఇంగ్లండులోనే ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి ఉంటుందని మేమెవరం అనుకోలేదు. మన ఊళ్లో అనే మాట విజయవాడలో అనరని తెలిసినవాళ్లమే అయినా.

ఆమె జవాబు చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడామె ఆగలేదు. ఇన్సులిన్ పడి భోజనం చెయ్యలేదంటే షుగరు పడిపోతుంది. ముందు మనిషి స్పృహలో ఉన్నాడో లేదో, చెమటలు పడుతున్నాయో చూస్తాను. వెంటనే వేలి చివర రక్తం తీసి షుగరు చూస్తాను. తక్కువుంటే, మింగగలిగితే, తొందరగా ఒంటపట్టే తీపి ఇస్తాను. పదిహేను నిమిషాల్లో మళ్లీ చూస్తాను. ఇన్‌ఛార్జికీ డాక్టరుకీ చెప్తాను. ఎందుకు తినలేదో ఆయన్నే అడుగుతాను. అన్నీ రాసిపెడతాను.

ఇంకో పది నిమిషాలు నడిచి అయిపోయింది. ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహమంతా చెమట. ఫ్యాను వెయ్యడం ఇద్దరం మరిచిపోయాం.

"టీ గురించి మీరు సెప్పలేదంకుల్."

"నాకూ తెలియదు."

"నాకు ముందు కప్పే కనబడింది. తర్వాత అనుకున్నాను, కప్పు టీ కోసం ఇన్సులిన్ మాట ఎందుకెత్తుతారని." గోడకి ఆనుకుంది. "అడక్కపోతే టీ వేడిసేసి ఇస్తానందును."

"నేనూ అదే అనుకున్నాను."

"మీరు నర్సు కాదు కదా."

ఫలితం పదకొండు రోజులకి వచ్చింది. ఆ పదకొండు రోజులూ ఆమె పాఠానికి రాలేదు, ఫోనూ చెయ్యలేదు. ఒక ఆదివారం ఆరాధనయ్యాక నేను ఇంటికి వచ్చేసరికి గేటు లోపల మెట్టు మీద కూర్చుని ఉంది. మాడుగుల బస్సులో వచ్చానంది. ఆసుపత్రివాళ్ల ఉత్తరం తెరిచి ఫోను నాకిచ్చింది.

"నాను నాలుగుసార్లు సదివేను. అవుననే అనిపిస్తంది. కానీ షరతు అన్న మాట ఒకటుంది. నాకు అర్థమయ్యింది వాళ్లన్నది ఒకటేనా కాదా, సదివి సెప్పండి."

కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఉద్యోగం ఇస్తున్నామని ఉంది. అక్కడి నర్సుల రిజిస్ట్రేషను పూర్తయితే, ఇతర తనిఖీలు సరిపోతే అన్నది షరతు. ఇంకా పరీక్షలున్నాయి. వాటిలో ఒకటి అక్కడికెళ్లాక చేతులతో చేసి చూపించేది.

రెండోసారి చదివాను. ఏ మాటకైనా ఇంకో అర్థం ఉందేమోనని ప్రతి వాక్యం దగ్గరా ఆగాను. లేదు.

"అవుననే" అన్నాను.

"షరతు?"

"మిగతావి పాసైతే అని. ఇది మాత్రం ఇచ్చేశారు."

ఆమె ఫోను తీసుకుని వాళ్లమ్మకి చేసింది. సిగ్నలు రాలేదు. మళ్లీ చేసింది. గేటు దాకా వెళ్లి, అక్కడ నిలబడి మళ్లీ చేసింది. ఈసారి అవతల ఎత్తినట్టున్నారు.

"అమ్మా, అయ్యింది" అంది. కొంచెంసేపు విని, "కాదు, ఎల్లడానికి ఇంకా టైముంది. అయ్యిందని సెప్తన్నాను" అంది. మళ్లీ విని, నావైపు తిరిగి, "అంకుల్, అమ్మ నమ్మడం లేదు. మీరు సదివి సెప్పాలంట" అంటూ ఫోను నా చేతికిచ్చింది.

నేను వాళ్లమ్మతో అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు. ఉత్తరంలో ఉన్నదంతా వాక్యం తర్వాత వాక్యం తెలుగులో చెప్పాను. ప్రతి వాక్యానికీ అవతల ఆవిడ, "అంటే?" అంది. ప్రతిసారీ ఇంకో మాటతో చెప్పాను.